అరికాళ్ల దురదకు లివర్ టెస్టు ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 24 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర ఊరు. మొదటి కాన్పు, ఇప్పుడు 33 వారాలు. ఆరో నెల నుంచి పొట్ట మీద, తొడల మీద ఎర్రటి చారలు పడ్డాయి, అక్కడ దురద. మెడ నల్లబడింది, ముఖం మీద మంగు వచ్చింది. పది రోజులుగా అరచేతులు, అరికాళ్లు కూడా ఒకటే దురద. రాత్రయితే నిద్ర ఉండట్లేదు. బిడ్డకు వెంట్రుకలు మొలుస్తుంటే అట్లనే ఉంటదని మా అత్తమ్మ అంటోంది. మెడికల్ షాపులో ఇచ్చిన దురద గోళీలు వేసుకున్నా తగ్గలేదు. పోయిన వారం స్కాన్‌లో బిడ్డ బాగుందన్నారు. మా ఊరి ఆశమ్మ మాత్రం లివర్ టెస్టు చేయించుకొమ్మంటోంది. నిజంగా అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా. మీ ఆశమ్మ సరిగ్గా చెప్పింది. వచ్చే చెకప్ దాకా ఆగకుండా ఒకటి రెండు రోజుల్లోనే చేయించుకోండి.

మీకు ఉన్నది ఒక దురద కాదు, రెండు. వాటిని విడదీసి చూడాలి. పొట్ట మీద చారల దగ్గర వచ్చేది చర్మం సాగడం వల్ల వచ్చే దురద. లోపలి పొరలో రబ్బరులా పని చేసే పోగులు తెగిన చోట ఆ చారలు పడతాయి. మొదట ఎర్రగా, ఊదాగా ఉంటాయి. కాన్పు తర్వాత కొన్ని నెలలకు తెల్లబడి సన్నగా మిగులుతాయి, పూర్తిగా పోవు. చారలు పడకుండా ఆపే నూనె గానీ క్రీము గానీ ఇంతవరకు లేదు. కొబ్బరినూనె రాస్తే చర్మం మెత్తబడి దురద తగ్గుతుంది, అంతే. దానికి వేలు పోసి క్రీములు కొననక్కర్లేదు.

మెడ నల్లబడటం, మంగు, బొడ్డు కింద నల్లటి గీత, ఇవన్నీ హార్మోన్ల వల్ల వచ్చే రంగు మార్పులే. లివర్‌తో వీటికి సంబంధం లేదు. కాన్పయ్యాక నెమ్మదిగా తగ్గుతాయి. మంగు ఎండకు ముదురుతుంది కాబట్టి బయటికి వెళ్తే కొంగు కప్పుకోండి, వీలైతే సన్‌స్క్రీన్ రాసుకోండి. షాపులో మంగుకని ఇచ్చే తెల్లబరిచే ట్యూబులు మాత్రం ఇప్పుడు వద్దు. వాటిలో చాలావరకు స్టెరాయిడ్, ట్రెటినాయిన్ కలిసి ఉంటాయి. మెడ మీది చర్మం నల్లగానే కాక దళసరిగా, మఖమల్ గుడ్డలా అయిందనిపిస్తే షుగర్ టెస్టు అయిందో లేదో ఒకసారి అడగండి.

ఇక రెండో దురద. నన్ను ఆలోచింపజేసింది ఇదే.

గర్భిణి దురద అని వస్తే నేను మొదట అడిగే మాట ఒకటే: ముందు పొక్కు వచ్చిందా, ముందు దురద వచ్చిందా? ముందు పొక్కులు లేచి, తర్వాత దురద పెడితే అది చాలావరకు చర్మం జబ్బే. మన దగ్గర ఎండాకాలంలో చెమటకాయలు, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే గజ్జి, తామర మామూలే. మొదటి కాన్పులో చివరి నెలల్లో సరిగ్గా చారల మీదే ఎర్రటి దద్దుర్లు లేచే ఒక రకం కూడా ఉంది. అది బొడ్డు చుట్టూ మాత్రం వదిలేస్తుంది, తల్లికీ బిడ్డకూ హాని చేయదు. బొడ్డు దగ్గరే మొదలై నీటి బుడగలు లేస్తే అది వేరే జబ్బు, చర్మం డాక్టర్‌కు వెంటనే చూపించాలి.

ముందు దురద వచ్చి, చర్మం మీద గోకిన గీతలు తప్ప ఏమీ లేకపోతే, అదీ అరచేతుల్లో, అరికాళ్లలో ఎక్కువై రాత్రిపూట ముదిరితే, అప్పుడు లివర్ వైపు చూడాలి. దీన్ని కొలెస్టాసిస్ అంటాం. చివరి మూడు నెలల్లో పెరిగే హార్మోన్ల వల్ల కొందరి లివర్ నుంచి పైత్యరసం పేగుల్లోకి సాఫీగా దిగదు. అందులోని బైల్ యాసిడ్స్ రక్తంలోకి ఎక్కుతాయి. చర్మం మీద ఏమీ కనిపించకుండానే దురద పుడుతుంది. అందుకే దురద గోళీలు మీకు పెద్దగా పని చేయలేదు.

రెండేళ్ల కింద మిర్యాలగూడ వైపు నుంచి ఒక అమ్మాయి 34వ వారంలో వచ్చింది. పొక్కులున్నాయా అంటే, "ఏం లేవు మేడం, రాత్రి నవారు మంచం పట్టీకి అరికాళ్లు రాసుకుంటూ కూర్చుంటున్నా" అంది. కాళ్లు చూస్తే మోకాలి కింద పొడుగ్గా గోటి గీతలు, కొన్నిచోట్ల రక్తం ఎండిపోయి ఉంది. గీతల మధ్య చర్మం శుభ్రంగా ఉంది. టెస్టులు చేస్తే, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ 24, బైల్ యాసిడ్స్ 11. రెండూ మామూలే. వాళ్లాయన ఊపిరి పీల్చుకుని, ఇక ఏం లేదు కదా అన్నాడు. దురద తగ్గకపోతే వారానికి మళ్లీ రావాల్సిందే అని చెప్పి పంపాను. వారం తర్వాత ఏఎల్‌టీ 96, బైల్ యాసిడ్స్ 31. ఇంకో వారానికి 52.

ఈ జబ్బులో జనం మోసపోయేది ఇక్కడే. దురద ముందు వస్తుంది, రక్తంలో మార్పు కొన్ని రోజులకో, రెండు మూడు వారాలకో కనబడుతుంది. కాబట్టి మీ మొదటి రిపోర్టు నార్మల్ వచ్చినా, దురద అట్లాగే ఉంటే వారం పది రోజులకు మళ్లీ చేయించుకోవాలి.

చేయించాల్సినవి రెండు: లివర్ పనితీరు చూసే ఎల్‌ఎఫ్‌టీ, బైల్ యాసిడ్స్. ఎల్‌ఎఫ్‌టీకి పెద్దాసుపత్రికి పోనక్కర్లేదు, దగ్గరి పీహెచ్‌సీలో అడగండి, శాంపిల్ తీసి పంపే ఏర్పాటు ఉంటుంది. బైల్ యాసిడ్స్ మాత్రం మన జిల్లాల్లో చాలాచోట్ల హైదరాబాద్‌కు పంపుతారు, రిపోర్టుకు రెండు మూడు రోజులు పట్టవచ్చు. పరగడుపున ఉండనక్కర్లేదు. తిన్నాక ఇస్తేనే అసలు ఎంత పెరుగుతుందో తెలుస్తుంది.

రిపోర్టు చేతికొచ్చాక టెన్షన్ పడకుండా రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఎల్‌ఎఫ్‌టీలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనేది గర్భిణుల్లో మామూలుగానే ఎక్కువ ఉంటుంది, అది మాయ నుంచి కూడా వస్తుంది. ఒక్క అదే పెరిగితే జబ్బు కాదు. అలాగే బైల్ యాసిడ్స్‌కు కొన్ని ల్యాబులు 10 దాటితే ఎక్కువ అని రాస్తాయి. గర్భిణికి, తిన్న తర్వాత తీసిన రక్తంలో, 19 నుంచి లెక్క. ఏఎల్‌టీ, బిలిరుబిన్ ఎక్కువుంటే హెపటైటిస్ బి, సి, ఇ టెస్టులు, పిత్తాశయంలో రాళ్లకు స్కాన్ కూడా అడుగుతాం. అన్నీ కొలెస్టాసిస్ ఖాతాలో వేయకూడదు.

పోయిన వారం స్కాన్ బాగుందని మీరు రాశారు. అది సంతోషమే, కానీ ఈ విషయంలో దాని మీద ఆధారపడలేం. బైల్ యాసిడ్స్ బాగా ఎక్కువైనప్పుడు బిడ్డకు వచ్చే ప్రమాదం ఉన్నట్టుండి వస్తుంది, ముందు రోజు స్కాన్‌లోనో, గుండె చప్పుడు పట్టీలోనో తెలియదు. అందుకే మేము రక్తంలోని బైల్ యాసిడ్స్ అంకెను బట్టి కాన్పు తేదీ నిర్ణయిస్తాం. 40 లోపు ఉంటే కడుపులో బిడ్డ చనిపోయే ప్రమాదం మిగతా గర్భిణులకు ఉన్నంతే, దాదాపు నెలలు నిండే దాకా ఆగొచ్చు. 40 నుంచి 99 మధ్య ఉంటే 38, 39 వారాల్లో కాన్పు చేయిస్తాం. 100 దాటితే మాత్రం ప్రమాదం పెరుగుతుంది, వందలో మూడు కాన్పుల దాకా. వాళ్లకు 35, 36 వారాలకే ఏర్పాటు చేయాలి. కవలలున్నా, బీపీ, షుగర్ ఉన్నా ఇంకాస్త ముందుకు జరుపుతాం. మిర్యాలగూడ అమ్మాయికి 52 దగ్గరే ఆగింది. 38 వారాలకు నొప్పులు రప్పించాం, మామూలు కాన్పే అయింది. మూడో రోజుకు దురద పోయింది.

మందు విషయం దాచకుండా చెప్తాను. అర్సోడియోల్ గోళీలు చాలామంది డాక్టర్లు రాస్తారు, నేనూ కొందరికి రాస్తాను. కొందరికి దురద కొంచెం తగ్గుతుంది. కానీ బిడ్డకు రక్షణ ఇస్తుందని పెద్ద పరిశోధనల్లో తేలలేదు, కాబట్టి గోళీలు వేసుకుంటున్నాం కదా అని టెస్టులు మానేయొద్దు. రాత్రి పడుకునే ముందు కాళ్లు చేతులు చల్లటి నీళ్లలో ఐదు నిమిషాలు పెట్టుకోండి, మెంథాల్ కలిసిన లోషన్ రాసుకోండి, పలుచటి నూలు బట్టలు వేసుకోండి. నిద్ర పట్టేలా చేసే గోళీ కావాలంటే డాక్టర్‌ను అడిగి తీసుకోండి. వేపాకు నీళ్లతో స్నానం చేయిస్తానని అత్తమ్మ అంటే చేయించుకోండి, తప్పు లేదు. లివర్ రిపోర్టు తేడా వచ్చిందని తెలియగానే ఎవరో ఒకరు కామెర్ల పసరు గురించి చెప్తారు. పసరు తాగొద్దు, వాత పెట్టించుకోవద్దు. ఆ ఆకుల్లో ఏముందో తెలియకుండా ఇప్పటికే ఇబ్బంది పడుతున్న లివర్ మీద ఇంకో భారం వేయడమే అది.

మూత్రం రంగు చూసుకుంటూ ఉండండి. బీ కాంప్లెక్స్ వేసుకుంటే చిక్కటి పసుపు వస్తుంది, ఎండలో నీళ్లు తక్కువ తాగినా ముదురుతుంది. కడుపునిండా నీళ్లు తాగినా టీ డికాషన్ రంగు వస్తుంటే అది లివర్ మాట. మలం తెల్లబడటం కూడా గుర్తే, కానీ ఐరన్ గోళీలు వేసుకునేవాళ్లకు నల్లగా వస్తుంది కాబట్టి అది తెలియకపోవచ్చు.

కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, బాగా తలనొప్పి, చూపు మసకబారడం, ముక్కు చిగుళ్ల నుంచి రక్తం కనిపించినా టెస్టు రిపోర్టు కోసం కూర్చోవద్దు. అవి బీపీతో వచ్చే లివర్ దెబ్బకు, కొవ్వు పట్టే ప్రమాదకరమైన లివర్ జబ్బుకు గుర్తులు. 108కు ఫోన్ చేసి, రక్తం ఎక్కించే సౌకర్యం, పిల్లల వార్డు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. బిడ్డ కదలికలు ఎప్పటికంటే తగ్గాయనిపించినా అదే రోజు వెళ్లాలి, తెల్లారేదాకా చూద్దామని ఆగొద్దు.

మీ అమ్మను, అక్కచెల్లెళ్లను ఒకసారి అడగండి, వాళ్ల కాన్పుల్లో ఇట్లా అరికాళ్లు దురద పెట్టాయా అని. ఇది కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది, ఒకసారి వచ్చినవాళ్లకు తర్వాతి కాన్పులో మళ్లీ రావడం ఎక్కువ. మీకు ఇదే అని తేలితే, కాన్పయిన ఆరు వారాలకు లివర్ టెస్టు మళ్లీ చేయించి నార్మల్‌కు వచ్చిందో లేదో చూడాలి. పిల్లలు కాకుండా గోళీలు వాడదామనుకుంటే ఈ జబ్బు వచ్చిందని డాక్టర్‌కు ముందే చెప్పండి. ఈస్ట్రోజన్ ఉన్న గోళీలు కొందరికి ఇదే దురదను తిరిగి తెస్తాయి, మీకు కాపర్-టీ లాంటిది మేలు కావచ్చు.