కదలని గుట్ట గురించి

అనంతపురం

చి. మాధవికి పెదనాయన ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. కర్నూలులో డిగ్రీ కాలేజీ పోస్టుకు నిన్ను డెమో క్లాసుకు పిలిచారనీ, టాపిక్ కాంప్టన్ ఎఫెక్ట్ తీసుకున్నావనీ చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత ఫిజిక్స్ చాక్‌పీస్ పట్టుకునేది నువ్వే అనుకుంటే నిద్ర పట్టలేదు. సంతోషం సగం, భయం సగం. నీకు రాదని కాదు నా భయం. ఆ పాఠంలో నేను పడిన గుంట ఇంకా అట్లే ఉంది, చూసుకోకుండా నడుస్తావేమో అని.

ముందు చిన్న సంగతులు. పొద్దున మొదటి బస్సుకే ఎక్కు, గుత్తి, డోన్ దగ్గర ఎంతసేపు ఆపుతాడో చెప్పలేం. ఏమైనా తిని పో, ఖాళీ కడుపుతో నీ గొంతు సన్నబడుతుంది. క్యాలిక్యులేటర్ డిగ్రీలలో ఉందో రేడియన్లలో ఉందో చూసుకో. cos 90 కొడితే సున్నా రాకుంటే అక్కడే ఆగు.

ఇక పాఠం. క్యారమ్ బోర్డుతో మొదలుపెడతావని మీ నాయన చెప్పాడు. స్ట్రైకర్ వచ్చి కాయిన్‌ను కొడుతుంది, కాయిన్ ఒక పక్కకు, స్ట్రైకర్ ఒక పక్కకు పోతాయి, స్ట్రైకర్ వేగం తగ్గుతుంది. మంచిదే, నేనూ అట్లే చెప్పేవాణ్ణి. కానీ దానికంటే ముందు, కాంతిని అలగా మాత్రమే చూస్తే ఏం జరగాలో చెప్పు. చెరువులో అలలు వస్తుంటే నీళ్ల మీది బెండు ఆ అలల లెక్కలోనే పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగుడుకు దాని చుట్టూ పుట్టే చిన్న అలలు కూడా అదే లెక్కలో ఉంటాయి. ఎక్స్‌రే అల ఎలక్ట్రాన్‌ను ఊపినా అంతే కదా. వచ్చిన తరంగదైర్ఘ్యం ఎంతో, చెదిరి పోయే తరంగదైర్ఘ్యమూ అంతే ఉండాలి. మారాల్సిన పని లేదు. ఇది పిల్లల మనసులో గట్టిగా కూర్చుంటేనే, మారిందని చెప్పినప్పుడు వాళ్లకు ఆశ్చర్యం కలుగుతుంది. లేకుంటే అదొక ఫార్ములా, అంతే.

కాంప్టన్ అమెరికాలో సెయింట్ లూయిస్‌లో చేసిన ప్రయోగాన్ని ఒక్క కేసుగా తీసుకో. మాలిబ్డినం ట్యూబు నుంచి వచ్చే ఎక్స్‌రే, తరంగదైర్ఘ్యం సుమారు 0.71 ఆంగ్‌స్ట్రామ్. దాన్ని గ్రాఫైట్ ముక్క మీద వేసి, పక్కకు చెదిరిన కిరణాలను కాల్సైట్ స్ఫటికం మీద పడనిచ్చి, ఏ కోణంలో ఎంత బలంగా వస్తున్నాయో అయనీకరణ గదితో కొలిచాడు. 1923లో అచ్చు వేశాడు. 90 డిగ్రీల దగ్గర చూస్తే గ్రాఫులో రెండు గుట్టలు. ఒకటి పాత చోటే, 0.71 దగ్గర. రెండోది దానికి కుడివైపు, 0.735 చుట్టుపక్కల. స్ఫటికాన్ని తిప్పే కోణంలో చూస్తే ఈ రెండింటికీ తేడా పావు డిగ్రీ కూడా లేదు. పావు డిగ్రీ కంటే తక్కువ తేడాతో కాంతి స్వభావం మీద వాదన గెలిచాడాయన.

λ' − λ = (h/mc)(1 − cos θ)

h/mc విలువ 0.0243 ఆంగ్‌స్ట్రామ్. 90 డిగ్రీలకు బ్రాకెట్లో ఒకటి, కాబట్టి తేడా అదే. ఈ ఫార్ములాలో ఏది ఉందో దానికంటే ఏది లేదో చూపించు. కిరణం ఎంత బలంగా ఉందన్నది లేదు. ఎంతసేపు పడిందన్నది లేదు. అల ఎలక్ట్రాన్‌ను మెల్లగా ముందుకు తోసిందనుకుని డాప్లర్ లెక్కతో సర్దుకుందామంటే, తోపుడు పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతూ పోవాలి, గుట్ట కాస్తా అలికినట్టు సాగిపోవాలి. అట్లా కాలేదు. ఒక కోణానికి ఒకే తేడా. ఒక్క ఫోటాన్, ఒక్క ఎలక్ట్రాన్, ఒక్క దెబ్బ. శక్తినీ ద్రవ్యవేగాన్నీ రెండింటినీ లెక్క తప్పకుండా పంచుకున్నాయనుకుంటేనే ఈ సంఖ్య వస్తుంది.

ఇప్పుడు నా గుంట.

1984లో, నేను చేరిన మూడో ఏడు, ఫైనలియర్ పిల్లలకు ఇదే పాఠం చెప్తున్నా. బోర్డు మీద రెండు గుట్టలు గీశాను. క్యారమ్ కథ చెప్పి, రెండో గుట్టను చూపించి, ఫార్ములా రాసి చేతులు దులుపుకున్నా. వెనక బెంచీ నుంచి ఉరవకొండ అబ్బాయొకడు లేచాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మోచేతి దగ్గర చొక్కాకు అతుకు ఉండేది. "సార్, కొట్టిన స్ట్రైకర్ వేగం తగ్గుతుంది గదా. మరి ఆ మొదటి గుట్ట యాల కదల్లేదు?" అన్నాడు.

నాకు తెలియదు. తెలియదని ఆ క్షణం దాకా నాకే తెలియదు. వెంటనే నోటికొచ్చింది చెప్పేశా: "అవి దేనికీ తగలకుండా తప్పించుకుని వచ్చిన కిరణాలు."

వాడు కూర్చోలేదు. బోర్డు వైపు చూసి, "తగలకుంటే నేరుగా పోవాల గదా సార్. తొంభై డిగ్రీలు ఎట్ల తిరిగినాయి?" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. వాణ్ణి చూసి కాదమ్మీ, నన్ను చూసి. నాకు చెవులు కాలినాయి. "తెలివి ఎక్కువైతే నువ్వే వచ్చి చెప్పు, లేకుంటే కూర్చో" అన్నా. కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్లీ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. పరీక్షలో మాత్రం ఆ గ్రాఫుకు ఒక్క గుట్టే గీశాడు. నేను దానికి మార్కు కోసిన సంగతి కూడా చెప్పాలి గదా, కోశాను.

జవాబు నాకు దొరికింది ఆ వేసవి సెలవుల్లో, దానికి సిగ్గుపడేంత సులువు. స్ట్రైకర్ కాయిన్‌ను కాకుండా బోర్డు చెక్క అంచును కొడితే ఏమవుతుంది? పక్కకు తిరుగుతుంది, వేగం మాత్రం ఇంచుమించు అట్లే ఉంటుంది. ఎందుకంటే వెనక్కి జరగాల్సింది మొత్తం బోర్డు. గ్రాఫైట్‌లో కార్బన్ పరమాణువుకు ఆరు ఎలక్ట్రాన్లు. బయటి నాలుగింటిని విడిపించడానికి కావలసిన శక్తి కొద్ది ఎలక్ట్రాన్ వోల్ట్లే, మన ఎక్స్‌రే శక్తి 17,400. ఆ లెక్కన అవి విడిగా ఉన్నట్టే. లోపలి రెండూ 284 ఎలక్ట్రాన్ వోల్ట్ల పట్టుతో ఉంటాయి. 30 డిగ్రీల కోణానికి లెక్క కట్టి చూడు: ఫోటాన్ ఇచ్చే దెబ్బ 80 ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర వస్తుంది. ఆ దెబ్బకు లోపలిది ఊడి రాదు. ఊడి రాకుంటే వెనక్కి తగ్గేది ఎలక్ట్రాన్ కాదు, మొత్తం పరమాణువు. అప్పుడు ఫార్ములాలో ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి m స్థానంలో పరమాణువు ద్రవ్యరాశి పెట్టు. అది ఎలక్ట్రాన్‌కు దాదాపు 22,000 రెట్లు. తేడా ఆంగ్‌స్ట్రామ్‌లో పది లక్షలవ వంతు వస్తుంది, ఏ స్ఫటికానికీ కనపడదు. 90 డిగ్రీల దగ్గర దెబ్బ 575 దాకా పోతుంది గానీ, పట్టు వదలకుండా పరమాణువంతా కలిసి తట్టుకోవడం అక్కడ కూడా కొంత జరుగుతుంది.

కదలని గుట్ట అదీ. తగలనిది కాదు, గట్టిగా పట్టుకుని ఉన్నదానికి తగిలింది. గ్రాఫైట్ తీసేసి బరువైన లోహం పెడితే గట్టిగా కట్టుబడిన ఎలక్ట్రాన్లు ఎక్కువ, మొదటి గుట్ట పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. రెండింటి మధ్య దూరం మాత్రం మారదు. ఇక్కడ తొందరపడి మొదటి గుట్ట కూడా కణవాదానికి సాక్ష్యమే అనేయకు. దాన్ని అలవాదం కూడా చెప్పగలదు, అది బెండు ఊగినట్టే. అలవాదం నోరు మూసేది రెండో గుట్ట దగ్గర.

ప్యానెల్‌లో ఒకరు తప్పకుండా అడుగుతారు, టార్చిలైటుతో ఎందుకు చెయ్యలేదని. 5,000 ఆంగ్‌స్ట్రామ్ కాంతిలో 0.024 తేడాను వెతకాలి, పైగా రెండున్నర ఎలక్ట్రాన్ వోల్ట్ల ఫోటాన్ ఎలక్ట్రాన్‌ను ఊడబీకలేదు అని చెప్పు, చాలు.

ఇంకొకరు, కాస్త వయసు మీదపడ్డవాళ్లు, దీంతో ఫోటాన్ ఉందని రుజువైపోయిందా అని అడగొచ్చు. "అవును సార్" అని తలూపకు. 1924లో బోర్, క్రేమర్స్, స్లేటర్ ముగ్గురూ ఒక మాట అన్నారు: శక్తి, ద్రవ్యవేగం లెక్క ఒక్కొక్క దెబ్బలో సరిపోనక్కర్లేదు, అన్నీ కలిపి సగటున సరిపోతే చాలు అని. కాంప్టన్ గ్రాఫు ఒక్కటే ఉంటే దీనికి జవాబు లేదు, గ్రాఫు చూపించేది సగటే కాబట్టి. 1925లో బోథే, గైగర్ రెండు కౌంటర్లు ఎదురెదురుగా పెట్టి చూశారు. చెదిరిన ఎక్స్‌రే ఒకదాంట్లో, ఎగిరిన ఎలక్ట్రాన్ ఇంకోదాంట్లో, రెండూ ఒకేసారి. అదే ఏడు కాంప్టన్, సైమన్ క్లౌడ్ ఛాంబర్‌లో ఎలక్ట్రాన్ దారిని చూసి ఎక్స్‌రే ఎటు పోయిందో కోణంతో సహా సరిపోల్చారు. సగటు మాట అక్కడితో పోయింది. ఇంకొక చమత్కారం ఉంది, టైము ఉంటేనే చెప్పు. కణాన్ని పట్టిచ్చిన ఆ తరంగదైర్ఘ్యాన్ని కొలిచింది స్ఫటికం, స్ఫటికం పనిచేసేది అలల వల్ల. కాబట్టి అలను ఊరవతల పారేసి రాకు.

ఆ ఉరవకొండ పిల్లోడు తర్వాత ఏమయ్యాడో కనుక్కోలేకపోయా. సెలవులయ్యాక నేను చెప్దామనుకునేసరికి ఆ బ్యాచి వెళ్లిపోయింది. నీ క్లాసులో ఎవరైనా లేచి, నీకు తెలియనిది అడిగితే "చూసి చెప్తా" అను. నీ పెదనాయనలాగా అరవొద్దు. డెమోలో అరిస్తే ఉద్యోగం పోతుందని కాదులే.

నా పాత నోట్సు మీ నాయనతో పంపిస్తున్నా. కాగితం పసుపెక్కింది, జాగ్రత్తగా తిప్పు. రెండు గుట్టలున్న పేజీలో మొదటి గుట్ట పక్కన ఎర్ర సిరాతో రాసింది మాత్రం ఆ వేసవిలోది. చాక్‌పీస్ వాళ్లే ఇస్తారు గానీ తెల్లదే ఇస్తారు. రంగు చాక్ ఒకటి బ్యాగులో వేసుకో, మొదటి గుట్టకు వాడు.

మీ పెదనాయన