మొదటి రోబోకు నల్ల గీత చాలు

ప్రశ్న: సార్, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరాను. కెమెరాతో మనిషిని గుర్తుపట్టి వెంట వచ్చే రోబోతో మొదలుపెట్టవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. అది కదలకపోతే తప్పు కెమెరాదో, మనిషిని గుర్తుపట్టే మోడల్‌దో, మోటార్లదో, బ్యాటరీదో మీకు తెలియదు. తెల్లటి నేల మీద నల్ల గీత వెంట నడిచే రోబో చేయండి. రెండు మోటార్లు, గీతకు అటూ ఇటూ రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, అది చెప్పినట్టు మోటార్లకు కరెంటు అందించే డ్రైవర్, బ్యాటరీలు చాలు.

ముందు మోటార్ల జోలికి పోకండి. సెన్సర్‌ను తెలుపు మీద, తర్వాత నలుపు మీద ఉంచి, వచ్చిన అంకెలు రాసుకోండి. తెలుపు మీద 80, నలుపు మీద 720 వస్తే రెండింటినీ వేరుచేసే హద్దు 400 దగ్గర పెట్టవచ్చు. రోబో తిరగబోయే చోటే కొలవండి. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి కిటికీ పక్కన ఈ అంకెలు మారిపోతాయి.

నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి రోబో చేతిలో ఎత్తి పట్టుకుంటే చక్కగా చక్రాలు తిప్పేది. నేల మీద పెడితే జానెడు కదిలి ఆగేది, మళ్లీ కదిలేది. అతను రెండు రోజులు ప్రోగ్రామ్ తిరగరాశాడు. బోర్డు మొదలైన ప్రతిసారీ ఒక్కసారి మాత్రమే నడిచే `setup()` లో, బోర్డు మీది లైటు మూడుసార్లు వెలిగేలా రెండు లైన్లు రాయమన్నాను. రోబో ఆగిన ప్రతిసారీ లైటు మూడుసార్లు వెలిగింది. అంటే ప్రోగ్రామ్‌లో తప్పు లేదు, బోర్డే రీసెట్ అవుతోంది. బరువుతో కదలడం మొదలుపెట్టే క్షణంలో మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న 9 వోల్టుల బ్యాటరీ అంత ఇవ్వలేదు, వోల్టేజి పడిపోతుంది. మోటార్లకు వేరే బ్యాటరీలు పెట్టి, డ్రైవర్ ద్వారా కలిపించాను. బోర్డు వైపు, మోటార్ల వైపు ఉన్న గ్రౌండ్ తీగలను మాత్రం తప్పక కలపాలి, లేకపోతే బోర్డు పంపే సంకేతం డ్రైవర్‌కు సరిగా అందదు.

రోబో నడిచాక మెషీన్ లర్నింగ్‌కు దానినే వాడుకోండి. సెన్సర్ అంకెలను ఫైల్‌లో దాచి, గీత ఎడమన ఉందో కుడిన ఉందో చెప్పే చిన్న మోడల్‌కు శిక్షణ ఇవ్వండి. ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒకే పరుగులో వచ్చిన అంకెలను కలగలిపి, కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు తీస్తారు. పక్కపక్క క్షణాల అంకెలు దాదాపు ఒకటే కాబట్టి మోడల్ చూసినదాన్నే మళ్లీ చూస్తుంది. కాగితం మీద 99 శాతం వస్తుంది, మర్నాడు వేరే వెలుతురులో రోబో గీత దాటిపోతుంది. పరుగుల వారీగా విడదీయండి: సోమవారం పరుగులు శిక్షణకు, మంగళవారం పరుగులు పరీక్షకు. అదే మంగళవారం అంకెలను 400 హద్దుతోనూ పరీక్షించండి. మోడల్ అంతకన్నా మెరుగ్గా చెప్పకపోతే ఆ రోబోలో హద్దునే ఉంచేయండి.