నాటౌట్‌గా ఉంటే బ్యాటింగ్ యావరేజ్ అంత ఎలా పెరుగుతుంది?

ప్రశ్న: మా టీమ్‌లో ఒకడి స్కోర్లు వరుసగా 42, 10, 30 నాటౌట్, 8, 25 నాటౌట్. ఐదు ఇన్నింగ్స్‌లో 115 పరుగులంటే 23 రావాలి కదా, యాప్‌లో 38.33 చూపిస్తోందేంటి?

యాప్ చెప్పిందే కరెక్ట్. పరుగుల్ని భాగించాల్సింది ఎన్నిసార్లు ఆడాడన్న దానితో కాదు, ఎన్నిసార్లు ఔటయ్యాడన్న దానితో. మీవాడు మూడుసార్లే ఔటయ్యాడు.

విశాఖలో లీగ్ మ్యాచ్‌లకు స్కోరర్‌గా కూర్చుంటాను కాబట్టి ఈ సందేహం నాకు తరచూ ఎదురవుతుంది. నేను ఇలా చెబుతాను. 30 దగ్గర ఓవర్లు అయిపోయాయి గానీ, అతన్ని ఎవరూ ఔట్ చేయలేదు. అందుకే ఆ 30 తర్వాతి ఇన్నింగ్స్‌లోని 8తో కలుస్తుంది. అంటే ఆ ఒక్క వికెట్ కోసం బౌలర్లు 38 పరుగులు ఇచ్చుకున్నారు. యావరేజ్ కొలిచేది దీన్నే. చివరి 25 మాత్రం ఇంకా ఏ వికెట్ ఖాతాలోనూ పడలేదు. రేపు సున్నాకే ఔటైతే 115ని 4తో భాగించాలి, యావరేజ్ ఒక్కసారిగా 28.75కు దిగుతుంది. అదే సున్నా దగ్గర నాటౌట్‌గా మిగిలితే 38.33 కదలదు.

లోకల్ మ్యాచ్‌లలో ఎక్కువ తప్పులు జరిగేది రిటైర్ అయినప్పుడు. కాలు పట్టేసి వెళ్లిపోతే అది నాటౌట్. మిగతావాళ్లకూ ఛాన్స్ ఇద్దామని తనంతట తాను బయటికొచ్చి మళ్లీ దిగకపోతే మాత్రం రిటైర్డ్ ఔట్, అది ఔట్ కిందే లెక్క. ఒక్క బంతీ ఆడకుండా రనౌటైనా ఔటే. ప్యాడ్లు కట్టుకుని కూర్చుని, దిగే అవసరం రాకపోతే అసలు ఇన్నింగ్సే కాదు.

నాటౌట్లతో యావరేజ్ ఊరికే ఉబ్బుతుందని కొందరంటారు. ధోనీ వన్డే లెక్క చూడండి: 297 ఇన్నింగ్స్, 84 నాటౌట్లు, 10,773 పరుగులు. యావరేజ్ 50 దాటింది, ఇన్నింగ్స్‌తో భాగిస్తే 36 దగ్గరే. నా దృష్టిలో ఆ 50 నిఖార్సైనదే, ఎందుకంటే అతను 213 సార్లు ఔటయ్యాక వచ్చిన అంకె అది. కాకపోతే చాలాసార్లు ఆఖరి ఓవర్లలో దిగేవాడి 50ని ఓపెనర్ 50 పక్కన పెట్టి పోల్చకూడదు.

అసలు చూడాల్సింది ఎన్నిసార్లు ఔటయ్యాడన్నది. 1953 ఇంగ్లండ్ టూర్‌లో ఆస్ట్రేలియా బౌలర్ బిల్ జాన్‌స్టన్ 17 ఇన్నింగ్స్‌లో ఒక్కసారే ఔటై 102 పరుగులు చేశాడు. యావరేజ్ 102! అతనేమో చివర్లో బ్యాటింగ్‌కు దిగే ఫాస్ట్ బౌలర్. మా లీగ్‌లోనూ ఓసారి తొమ్మిదో నంబర్ ఆటగాడు యావరేజ్ లిస్టులో పైకొచ్చాడు. అప్పట్నుంచి కనీసం ఐదుసార్లు ఔటైనవాళ్లనే బెస్ట్ బ్యాట్స్‌మన్ అవార్డుకు లెక్కలోకి తీసుకుంటున్నాం. మిగతావాళ్లకు మొత్తం పరుగులు మాత్రమే రాస్తున్నాం.