వేడెక్కించి చూపిన ఇంజిన్: టెస్ట్ డ్రైవ్ చేశాక కేసు నిలుస్తుందా?

ప్రశ్న: విజయవాడలో పాత కార్ల వ్యాపారి దగ్గర 2017 మోడల్ డీజిల్ కారు 4.60 లక్షలకు కొన్నాను. "ఐదింటికి రండి, బండి స్టార్ట్ చేసి ఏసీ వేసి ఉంచుతా" అని ఆయన వాట్సాప్ పెట్టాడు. వెళ్లి పది నిమిషాలు నడిపాను, బాగుంది. మర్నాడు పొద్దున్న స్టార్ట్ చేస్తే గొలుసు ఈడ్చినట్టు శబ్దం. ఆరో రోజు సర్వీస్ సెంటర్‌లో చూపించాను, జాబ్ కార్డు ఉంది. "నడుపుతుంటే సర్దుకుంటుంది" అన్నాడు వ్యాపారి. నమ్మి నాలుగు నెలల్లో 3,800 కిలోమీటర్లు తిరిగాను. ఇప్పుడు టైమింగ్ చైన్ పోయింది, 70 వేలు అవుతుందంటున్నారు. "టెస్ట్ డ్రైవ్ చేసి సంతృప్తి చెందాను అని సంతకం పెట్టావుగా" అంటున్నాడు. అప్పు చేసి కొన్న కారు, ఇంట్లో మొహం చూపించలేకపోతున్నాను. చిక్కటి ఆయిల్ పోసి ఎవరికైనా అమ్మేయమంటున్నాడు మా మెకానిక్. ఏం చేయాలి? మా బావమరిది కూడా వచ్చే నెల కారు కొంటున్నాడు, టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలో చెప్పండి.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ కేసు తేలేది ఒక్క చోట. ఆ లోపం మీరు చేసిన పరీక్షలో బయటపడి ఉండాల్సిందా, కాదా? వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ ప్రకారం వ్యాపారి అమ్మిన వస్తువు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలి. అయితే కొనేవాడు వస్తువును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో తెలియాల్సిన లోపాలకు ఈ రక్షణ ఉండదు. చట్టం దృష్టిలో టెస్ట్ డ్రైవ్ అలాంటి పరీక్షే. అరిగిన టైర్లు, పట్టని బ్రేకుల గురించి మీరు ఇప్పుడు అడిగితే మీ సంతకమే మీకు అడ్డొస్తుంది. చల్లారిన ఇంజిన్‌లో మాత్రమే వినిపించే శబ్దం అలా కాదు. రాత్రంతా ఆగిన ఇంజిన్‌లో, టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌లోని ఆయిల్ కిందికి జారిపోతుంది. అరిగిన చైన్ వదులుగా ఉండి, ఆయిల్ ప్రెషర్ అందేదాకా కవర్‌కు కొట్టుకుంటుంది. ఇంజిన్ వేడెక్కాక ఆ చప్పుడు అణిగిపోతుంది. సాయంత్రం ఐదింటికి వేడి బండిని పది నిమిషాలు నడిపినవాడికి అది తెలిసే వీలే లేదు.

కాబట్టి మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యాలు రెండు. మీరు వచ్చేసరికి ఇంజిన్ వేడిగా ఉందని ఆ వాట్సాప్ సందేశం చెబుతుంది. కొన్న ఆరో రోజుకే ఆ శబ్దం ఉందని జాబ్ కార్డు చెబుతుంది. జాబ్ కార్డులో తేదీ, కిలోమీటర్ల రీడింగ్, శబ్దం వివరం ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఆరో రోజున జాబ్ కార్డు చేతికొచ్చాక నోటిమాట నమ్మి 3,800 కిలోమీటర్లు తిప్పడం మీ తప్పు. వ్యాపారికి ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదంటే, శబ్దం గురించి ఆయనకు అప్పుడే చెప్పారనడానికి రుజువే లేదు. వినియోగదారుల ఫిర్యాదుకు కాలపరిమితి రెండేళ్లు, గడువు దాటలేదు. కానీ సాక్ష్యం అంతకాలం నిలవదు. "నా దగ్గర బాగానే ఉంది, నువ్వు ఆయిల్ చూసుకోక పాడు చేశావు" అనే వాదనకు మీరు తిప్పిన ప్రతి కిలోమీటరూ బలమిస్తుంది. తెలిసీ పెంచుకున్న నష్టం మీ వాటాకే వస్తుంది. కారు ఈరోజు నుంచి ఆపేయండి.

మెకానిక్ మాట మాత్రం వినకండి. చిక్కటి ఆయిల్‌తో శబ్దం కొన్నాళ్లు తగ్గొచ్చు. కానీ లోపం తెలిసి, దాన్ని కప్పిపుచ్చి అమ్మితే కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది మోసం. ఇవాళ మీరు ఆ వ్యాపారి మీద వేయాలనుకుంటున్న కేసే రేపు మీ మీద పడుతుంది, జాబ్ కార్డు అప్పుడు మీకే వ్యతిరేక సాక్ష్యం. ఇంజిన్ ఇప్పుడే విప్పించకండి కూడా. విప్పితే పరీక్షకు ఇవ్వడానికి ఏమీ మిగలదు.

చేయాల్సింది ఇది. బండిని ఒక రాత్రి కదపకుండా ఉంచి, పొద్దున్నే మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయండి. ముందు నంబర్ ప్లేట్, తర్వాత చల్లగా ఉన్న బానెట్ మీద చెయ్యి, ఓడోమీటర్, ఆ తర్వాత స్టార్ట్ చేసి ఒక నిమిషం పాటు శబ్దం. అసలు ఫైల్ ఫోన్లోనే ఉంచండి. చైన్ బాగా దెబ్బతిందని మెకానిక్ అంటే స్టార్ట్ చేయకండి, తెగితే వాల్వులు పోతాయి. అప్పుడు పాత జాబ్ కార్డు మీదే ఆధారపడదాం. తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 15 రోజుల్లో వచ్చి ఇద్దరి సమక్షంలో ఇంజిన్ చూడమని, లేదా మరమ్మతు ఖర్చు ఇమ్మని అందులో రాయండి. స్పందించకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, 2019 చట్టం కొనుగోలుదారు నివాసం ఉన్నచోట వేసే వీలిచ్చింది. చెల్లించిన ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. అదే చట్టంలోని 38వ సెక్షన్ కింద ల్యాబ్ పరీక్ష కోరండి. ఇన్ని కిలోమీటర్లు తిరిగాక కారు వెనక్కిచ్చి మొత్తం డబ్బు రాబట్టుకోవడం కష్టం. మరమ్మతు ఖర్చు, పరిహారం మీద దృష్టి పెట్టండి.

ఇక మీ బావమరిది. పొద్దున్న ఏడింటికే వెళ్లాలి, "రాత్రి నుంచి స్టార్ట్ చేయొద్దు" అని ముందురోజే మెసేజ్ పెట్టాలి. వెళ్లగానే బానెట్ మీద, సైలెన్సర్ గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే ఆ రోజు చూడకుండా తిరిగి రావడమే మంచిది. చల్లగా ఉంటే ఏసీ, పాటలు ఆపి, ఒకరు బానెట్ దగ్గర, ఒకరు సైలెన్సర్ వెనక నిలబడి స్టార్ట్ చేయించాలి. చప్పుడు ఒకటి రెండు సెకన్లలో ఆగితే చాలా ఇంజిన్లలో అది మామూలే. అంతకన్నా సాగితే చైన్ మీద అనుమానం. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ లోపలి నుంచి బరువుగా "టక్ టక్" పెరిగితే బేరింగ్ సంగతి, ఆ బండి వద్దు. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది.

రూటు మనమే ఎంచుకోవాలి, నలభై నిమిషాలకు తగ్గకూడదు. మొదట గుంతల సందులో అద్దాలు దించి పది కిలోమీటర్ల వేగంతో వెళ్తే సస్పెన్షన్ చప్పుళ్లు వినిపిస్తాయి. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా నడిపితే వచ్చే "కటకట" యాక్సిల్ జాయింట్‌ది. ఫ్లైఓవర్ ఎక్కేచోట నాలుగో గేర్లో గట్టిగా తొక్కాలి. ఇంజిన్ అరుస్తున్నా వేగం పెరగకపోతే క్లచ్ పోతున్నట్టు. తర్వాత హైవే మీద 80 దగ్గర చెవి పెట్టి వినాలి. వేగంతో పాటు పెరిగే హోరు, స్టీరింగ్‌ను కొద్దిగా ఒక పక్కకు తిప్పినప్పుడు మారితే వీల్ బేరింగ్‌ను అనుమానించాలి. చివరికి ఆపి, పది నిమిషాలాగి వేడి ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయాలి.

ఇంత బాగా చూసినవాడికి చట్టపరంగా ఒక చిక్కు కూడా ఉంది. విన్న శబ్దాన్ని కాగితం మీద పెట్టకుండా కొంటే, తెలిసే కొన్నాడంటారు. అందుకని అమ్మకం కాగితంలో "పొద్దున 7 గంటలకు చల్లారిన ఇంజిన్‌ను పరీక్షించాము, కింది లోపాలు కనిపించాయి, ఇవి తప్ప ఇంజిన్‌లో తనకు తెలిసిన లోపం లేదని అమ్మకందారు చెబుతున్నారు" అని రాయించి, ఇద్దరి సంతకాలూ, కిలోమీటర్ల రీడింగూ వేయించండి. సంతకానికి ఒప్పుకోని వ్యాపారికి అడ్వాన్స్ ఇవ్వొద్దని మీ బావమరిదికి చెప్పండి.