పన్ను తీసిన చోటు నుంచి ముక్కులోకి నీళ్లు: డాక్టర్ సలహా

ప్రశ్న: పదకొండు రోజుల క్రితం పైన కుడివైపు దవడ పన్ను తీయించుకున్నాను. మూడో రోజు నుంచి నీళ్లు తాగితే కుడి ముక్కులోంచి కారుతున్నాయి. ముక్కు మూసుకుని ఊదితే పన్ను తీసిన చోట గాలి బుస్సుమంటోంది, రోజూ చూస్తున్నాను. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మూడు రోజులు వేసుకున్నాను. కొత్త పన్ను ఎప్పుడు పెట్టించుకోవచ్చు?

జవాబు: కొత్త పన్ను మాట తర్వాత. ముందు ఆ ఊది చూడటం ఈరోజే మానేయండి. పరీక్ష అనుకుని మీరు చేస్తున్న పనే రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. మేమైనా అవసరమైతే ఒక్కసారి, అదీ మెల్లగా ఊదమంటాం.

పైదవడ వెనక పళ్ల వేళ్లకు సరిగ్గా పైన, చెంప వెనక పైదవడ ఎముక లోపల సైనస్ అనే గాలి గది ఉంటుంది. కొందరిలో వేరుకీ ఆ గదికీ మధ్య ఎముక కాగితమంత పలచగా ఉంటుంది, కొందరిలో పొర మాత్రమే ఉంటుంది. అలాంటి చోట పన్ను ఎంత జాగ్రత్తగా తీసినా దారి పడొచ్చు. కాబట్టి తీసిన డాక్టర్ మీద కోపం పెట్టుకుని వెళ్లడం మానకండి.

రంధ్రం రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటే గుంటలో గడ్డకట్టిన రక్తమే మూతలా పనిచేసి చాలామందిలో దానంతట అదే పూడుకుంటుంది. మీకు ఎనిమిది రోజులుగా నీళ్లు దాటుతున్నాయంటే ఆ మూత నిలబడలేదనే అనుమానించాలి. చూడకుండా ఖాయంగా చెప్పలేను. చెవి కుట్టించుకున్న రంధ్రం పోగును కొన్నాళ్లు ఉంచితే చుట్టూ చర్మం పట్టి ఎలా నిలిచిపోతుందో, ఇదీ అంతే. మూడు వారాలు దాటితే చాలాసార్లు దారి లోపల పొర పెరిగి అది పక్కా సొరంగం అవుతుంది. తర్వాత దానంతట అది మూసుకోదు. అందుకే వచ్చేవారం చూద్దాంలే అనుకోకండి, రెండు రోజుల్లో వెళ్లండి.

నా దగ్గరకు ఒకాయన రెండు నెలలు ఆగి వచ్చారు. జలుబే అనుకున్నారట. ఒక్క ముక్కే కారడం, వంగితే ఒక్క చెంపే బరువెక్కడం, నోట్లో ఉప్పగా, చెడువాసనతో ఏదో దిగడం... జలుబు ఇలా ఒక పక్కే పట్టుకుని కూర్చోదు. స్కాన్ తీస్తే సైనస్ నిండా చీము. అలా ఉండగా పైన కుట్టేస్తే లోపలిది దారి లేక మళ్లీ తోసుకొస్తుంది. అందుకని ముందు ఆ దారిలోంచే సెలైన్‌తో కొన్నాళ్లు కడిగి, మందులిచ్చి, శుభ్రపడ్డాక మూశాం. మొదటి వారమే వస్తే ఒక్క సిట్టింగ్‌తో పోయేది.

మీరు వేసుకున్న మిగులు మాత్రల గురించి కూడా చెప్పాలి. యాంటీబయాటిక్ రంధ్రాన్ని మూయదు. మూడు రోజుల కోర్సు చీమును కొంత అణచి, లక్షణాలను మరుగుపరుస్తుంది, అంతే. అవసరమా, ఏది, ఎన్నాళ్లు అనేది చూసినవాళ్లే చెప్పాలి. ముక్కు దిబ్బడకి వేసే చుక్కలూ అంతే. సొంతంగా వాడొద్దు. డాక్టర్ రాస్తే కూడా మామూలుగా ఐదు రోజులు మించకూడదు.

వెళ్లేలోపు, మూసిన తర్వాత కూడా రెండు వారాలపాటు ముక్కు చీదకండి. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి. స్ట్రాతో తాగడం, సిగరెట్ వద్దు, రెండూ నోట్లో పీల్చే ఒత్తిడి పెడతాయి. ఉప్పునీళ్లు గట్టిగా పుక్కిలించకుండా, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయండి. తలకింద రెండు దిండ్లు పెట్టుకుంటే మంచిది. కొందరు గుంటలో దూది పెడతారు, అది సైనస్‌లోకి జారిపోతే ఇంకో ఆపరేషన్.

మూసే పద్ధతి రంధ్రం సైజును బట్టి ఉంటుంది. చిన్నదైతే గుంటలో కొలాజెన్ స్పంజి పెట్టి పైన ఎనిమిది అంకె ఆకారంలో కుట్టు వేస్తారు. సుమారు ఐదు మిల్లీమీటర్లు దాటితే చెంపవైపు చిగురును జరిపి కప్పుతారు. ఇంకా పెద్దదైతే, లేదా ఒకసారి మూసింది ఊడితే, చెంపలోని కొవ్వు ముద్దనో అంగిటి చిగురునో తిప్పి మూస్తారు. చాలావరకు మత్తు ఇంజెక్షన్‌తోనే అయిపోతుంది. కుట్లు పది పద్నాలుగు రోజులు ఉంటాయి. చెంప చిగురు జరిపితే అక్కడ చెంపకీ చిగురుకీ మధ్య లోతు కొంత తగ్గుతుంది, కట్టుడు పళ్ల సెట్ పెట్టుకునేవాళ్లు ముందే చెప్పాలి.

కొత్త పన్ను సంగతి: మూసింది నిలబడి, సైనస్ శుభ్రంగా ఉందని స్కాన్‌లో తేలాకే. ఇంప్లాంట్ అయితే కొన్ని నెలలు ఆగాలి, ఎముక పెంచాల్సి రావొచ్చు కూడా.

కంటి చుట్టూ వాపు, చూపు మసక, చలిజ్వరం, ఆగని రక్తం ఉంటే రెండు రోజులు కూడా ఆగకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మామూలుగా వెళ్లేటప్పుడు పన్ను తీయకముందు తీసిన ఎక్స్‌రే, వేసుకున్న మాత్రల స్ట్రిప్ పట్టుకెళ్లండి. వేరు మొత్తం వచ్చిందా అని కూడా అడగండి. ముక్క లోపలికి జారి ఉంటే ముందు అది తీయాలి.