రెండు మిక్సీల శబ్దం 160 డెసిబెల్స్ ఎందుకు కాదు?

ప్రశ్న: "పదో తరగతి పిల్లలు log లెక్కలు సూత్రాలతో చేసేస్తున్నారు గానీ, log అంటే ఏమిటని అడిగితే చెప్పలేకపోతున్నారు. శబ్దం, భూకంపాల ఉదాహరణలతో ఎలా వివరించాలి?"

సంవర్గమానాల పాఠాన్ని నేను మొదట్లో సూత్రాలతోనే మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు బోర్డు మీద ముందుగా ఒక ప్రశ్న రాస్తున్నాను: వంటింట్లో మనం నిలబడిన చోట ఒక మిక్సీ శబ్దం 80 డెసిబెల్స్ ఉంటే, అలాంటివే రెండు కలిసి తిరిగినప్పుడు ఎంత ఉంటుంది? దాదాపు తరగతి అంతా 160 అంటుంది. ఆ తప్పును వెంటనే దిద్దకుండా, 80 అనే సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో అడుగుతాను.

డెసిబెల్ అంటే బెల్‌లో పదోవంతు కాబట్టి 80 డెసిబెల్స్ అంటే 8 బెల్స్. ఈ 8 ఒక ఘాతాంకం. చెవికి వినిపించే కనీస ధ్వని తీవ్రతగా తీసుకున్న ప్రమాణం కంటే ఈ శబ్దం తీవ్రత 10^8 రెట్లు ఉందని దాని అర్థం. రెండో మిక్సీ వేసినప్పుడు రెట్టింపయ్యేది తీవ్రతే గాని ఘాతాంకం కాదు. అందువల్ల ముందు 8 నుంచి 10^8కి వెళ్లాలి, అక్కడ రెట్టింపు చేసి 2 × 10^8 రాయాలి, ఆ తర్వాత "పదిని ఏ ఘాతానికి హెచ్చిస్తే ఇది వస్తుంది?" అని అడుగుతూ వెనక్కి రావాలి. ఆ వెనక్కి వచ్చే దారి పేరే log.

log(2 × 10^8) = 0.301 + 8 = 8.301

అంటే సుమారు 83 డెసిబెల్స్. ఘాతాంకంతో వెళ్లి, సంవర్గమానంతో తిరిగి రావడాన్ని పిల్లలు తమ చేతులతో చేస్తారు కాబట్టి, విలోమం అనే మాట ఇక్కడ చెబితే వాళ్లకు అతుకుతుంది. మరి 160 కావాలంటే ఎన్ని మిక్సీలు కావాలి? 10^16ను 10^8తో భాగిస్తే 10^8, అంటే పది కోట్లు. ఈ జవాబు వాళ్లే రాబట్టినప్పుడు తరగతిలో కలిగే ఆశ్చర్యం నాకు ఎప్పటికీ ఇష్టమే. సున్నా డెసిబెల్స్ అంటే నిశ్శబ్దమా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. 10^0 = 1 కాబట్టి అది ప్రమాణానికి సమానమైన శబ్దమే గాని శూన్యం కాదు.

భూకంపాలను మర్నాటికి ఉంచండి, ఎందుకంటే అక్కడ రెండు లెక్కలు కలగలిసిపోతాయి. 1935లో రిక్టర్ రూపొందించిన స్కేలులో ఒక అంకె పెరిగితే, అంతే దూరంలో ఉన్న పరికరం గీసే కంపనం ఎత్తు పది రెట్లవుతుంది. విడుదలయ్యే శక్తి మాత్రం 10^1.5, అంటే దాదాపు 32 రెట్లవుతుంది. ఈ రెండింటినీ ఒకే రోజు చెప్పి, పిల్లలు ఒకదాని బదులు మరొకటి వాడడం నేను చూశాను.

1993 లాతూరు భూకంపం 6.2, 2001 భుజ్ భూకంపం 7.7. తేడా 1.5 మాత్రమే అయినా, శక్తిలో అది 10^(1.5 × 1.5), అంటే సుమారు 178 రెట్లు. తర్వాత దీన్నే తిరగేసి అడుగుతాను: శక్తి వెయ్యి రెట్లు పెరిగితే స్కేలు మీద ఎన్ని అంకెలు పెరుగుతాయి? log 1000 = 3, దాన్ని 1.5తో భాగిస్తే 2. ఈ రెండో ప్రశ్నకు సూత్రం అడగకుండా జవాబు చెప్పిన పిల్లవాడికి log అంటే ఏమిటో అర్థమైనట్టే లెక్క.