రేట్లు పెరిగేటప్పుడు ఫిఫో మంచిదా, వెయిటెడ్ యావరేజా?

నాకు మిర్యాలగూడలో నూనె డబ్బాల హోల్‌సేల్ షాపు ఉంది. రేట్లు పెరుగుతున్నాయి, స్టాక్ లెక్క ఫిఫోలో వేస్తే ట్యాక్స్ ఎక్కువ పడుతుందంటున్నారు, నిజమేనా?

నిజమే. 100 డబ్బాలు 2,000 చొప్పున కొన్నారు, తర్వాత ఇంకో 100 డబ్బాలు 2,400 చొప్పున కొన్నారనుకోండి. వాటిలో 120 డబ్బాలు 2,600కి అమ్మారు, అంటే అమ్మకం 3,12,000.

ఫిఫోలో ముందు కొన్నవే ముందు పోయినట్టు లెక్క. పాత 100, కొత్తవి 20 కలిపి ఖర్చు 2,48,000, లాభం 64,000. యావరేజ్‌లో డబ్బా 2,200 పడుతుంది కాబట్టి ఖర్చు 2,64,000, లాభం 48,000. గోదాములో మిగిలినవి అవే 80 డబ్బాలు, చేతికొచ్చిన డబ్బూ అంతే, కానీ కాగితం మీద లాభంలో 16,000 తేడా. 30 శాతం స్లాబులో ఉంటే సెస్ కాకుండా 4,800 ట్యాక్స్.

అయితే ఇది పూర్తిగా మిగిలినట్టు కాదు. ఫిఫోలో ఎక్కువ విలువ కట్టిన ఆ 80 డబ్బాలే వచ్చే ఏడాది ఓపెనింగ్ స్టాక్, అవి అమ్ముడుపోయినప్పుడు ఖర్చూ అంత ఎక్కువే చూపిస్తుంది, కాబట్టి యావరేజ్‌తో ట్యాక్స్ వాయిదా పడుతుందంతే (రేట్లు పెరుగుతూ, స్టాక్ తగ్గకుండా ఉంటే ఆ వాయిదా ఏళ్ల తరబడి సాగుతుంది).

ఏటా లాభం చూసుకుని పద్ధతి మారుస్తానంటే మాత్రం కుదరదు, సరైన కారణం చూపించాలి. ఇక మీరు ప్రిజంప్టివ్ ట్యాక్స్ స్కీమ్ కింద టర్నోవర్ మీద శాతం లెక్కన లాభం చూపిస్తుంటే ఈ టెన్షనే అక్కర్లేదు, అక్కడ లాభం లెక్కకు స్టాక్ విలువతో పనిలేదు.